మంచి రోజు కోసం అడగకుండా వదిలేసిన ప్రశ్న: ఒక దాంపత్య కౌన్సెలింగ్ కేసు

భర్త విషయంలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒకామె కేసు ఇది. దీన్ని రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు, ఆమెను గుర్తుపట్టే వీలున్న సంఘటనలు మార్చాను. డైరీలో రాసుకున్న మాటల్ని మాత్రం ఆమె అనుమతితో, అర్థం చెడకుండా కొద్దిగా మార్చి వాడుకున్నాను.

మాట తప్పే భర్త గురించి, లేదా భార్య గురించి మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది తక్కెడ పట్టుకునే వస్తారు. ఒక పళ్ళెంలో తప్పిన మాటలు, ఇంకో పళ్ళెంలో మంచి రోజులు. ఏది బరువో తేల్చమంటారు. ఈ కేసులో కొన్ని నెలలు నడిచాక తేలింది వేరే విషయం. ఆ రెండు పళ్ళేలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. అది ఎలా బయటపడిందో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెకు ముప్పై దాటి కొన్నేళ్ళు. పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఇద్దరూ ఉద్యోగస్తులు. బడికెళ్ళే బాబు ఉన్నాడు. భర్త ఆమెకు చెప్పకుండా పెద్ద అప్పు చేసిన సంగతి పెళ్ళైన మూడో ఏడు మొదటిసారి తెలిసింది. ఏడ్చాడు, ఇంకెప్పుడూ చేయనన్నాడు, ఇద్దరూ కలిసి తీర్చారు. తర్వాత ఇంకో రెండుసార్లు అదే జరిగింది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, స్నేహితుడి వ్యాపారానికని తీసుకున్న అప్పు, తీరిపోయిందని చెప్పి తీర్చని అప్పు.

వాటి చుట్టూ చిన్న మాటలు బోలెడు. ఆదివారం కూర్చుని లెక్కలు చూద్దామనడం, ఏడింటికల్లా వస్తాననడం, ఈ వారం స్టేట్‌మెంట్ చూపిస్తాననడం. కొన్ని నిలబెట్టుకునేవాడు, కొన్ని తప్పేవాడు.

మరోపక్క ఆమె చెప్పిన మంచి కూడా నిజమైనదే. ఆమెకు ఆపరేషన్ అయినప్పుడు రాత్రిళ్ళు కుర్చీలోనే కూర్చున్నాడు. బాబుకి తండ్రి అంటే ప్రాణం. ఇంటిపని ఇది నీది, అది నాది అని ఎప్పుడూ అనలేదు. ఇంట్లో నవ్వు ఉందంటే అది అతని వల్లే అని ఆమే అన్నారు. వాళ్ళమ్మ "కొట్టడు, తిట్టడు, తాగడు, ఇంకేం కావాలే నీకు" అంటారు. అక్క "ఇంకెన్నిసార్లు నమ్ముతావు" అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే కావడంతో ఈమెకు ఊపిరాడటం లేదు.

వచ్చిన సమస్య

మొదటి సెషన్‌లో ఆమె అన్న మొదటి మాట: "ఉండమంటారా, వెళ్ళిపొమ్మంటారా మేడమ్? మీరు ఏది చెప్తే అది చేస్తాను."

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా పని కాదని చెప్పాను. అంతకంటే ముందు తెలుసుకోవాల్సినవి నాకు ఉన్నాయి. మాట తప్పడం, క్షమాపణ, కొన్ని మంచి రోజులు, మళ్ళీ మాట తప్పడం అనే వరస హింస ఉన్న కాపురాల్లో కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. 1979లో మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ హింసాచక్రం గురించి రాసినప్పుడు, దెబ్బల తర్వాత వచ్చే ప్రేమాదరణల దశను అందులో ఒక భాగంగానే చెప్పింది. అన్ని హింసలూ ఆ చక్రంలో నడవవు గానీ, మంచి రోజుల మాట వినగానే భయం గురించి అడగడం మాకు అలవాటైంది. అందుకే ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే నేరుగా అడిగాను. ఇంట్లో మీకు భయం వేస్తుందా? మీరు కాదంటే ఏం జరుగుతుంది? మీ జీతం మీ చేతిలోనే ఉందా? ఫోన్ చూస్తాడా, ఎవరినైనా కలవొద్దంటాడా? ఇష్టం లేనప్పుడు బలవంతం చేస్తాడా? "కోప్పడితే మాట్లాడటం మానేస్తాడు, అంతకుమించి లేదు" అన్నారు. తర్వాత సెషన్లలో కూడా ఇవే ప్రశ్నలు వేరే మాటల్లో మళ్ళీ అడిగాను. మొదటిసారే ఎవరూ అన్నీ చెప్పరు.

రెండోది డబ్బు ఎటు పోతోంది అన్నది. జూదం, ఆన్‌లైన్ బెట్టింగ్ లాంటివి ఉంటే దారే వేరు. అప్పుడు మాట ఇవ్వడం, తప్పడం అన్నది వ్యసనం చికిత్సలో భాగమవుతుంది. ఆమె చూసిన కాగితాల్లో అలాంటి ఆనవాళ్ళు లేవు. పూర్తిగా కొట్టిపారేయకుండా ఆ ప్రశ్నను అలాగే ఉంచాను.

మూడోది ఆమె మనసు పరిస్థితి. మనసు బాగా కుంగి ఉంటే గతమంతా నల్లగానే కనిపిస్తుంది, ఆ స్థితిలో పెద్ద నిర్ణయాలు తీసుకోవడం మంచిది కాదు. డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో ఆమెకు 8 వచ్చింది. అందులో గరిష్ఠం 27. 5 నుంచి 9 వరకు తేలికపాటి లక్షణాలుగా చూస్తాం. నిద్ర సరిగా లేదు, టెన్షన్ ఉంది, కానీ రోజు గడుస్తోంది. కాబట్టి ముందుకు వెళ్ళొచ్చు అనుకున్నాను.

పనిచేయని మూడు దారులు

మొదటిది ఆమె తనంతట తానే తెచ్చుకున్న జాబితా. ఫోన్‌లో రెండు వరుసలుగా, ఉండటానికి కారణాలు, వెళ్ళిపోవడానికి కారణాలు. ఇంతకుముందు ఒకసారి రాసిన పాత జాబితా కూడా ఫోన్‌లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పాతది ప్రశాంతంగా ఉన్న వారంలో రాసింది. అందులో ఉండటానికి కారణాలు పేజీ నిండా ఉన్నాయి. కొత్తది అప్పు బయటపడిన వారంలో రాసింది. అందులో రెండో వరుస నిండిపోయింది. ఒకే విహారయాత్ర పాత జాబితాలో "ఎంత బాగా చూసుకున్నాడో" అని ఉంటే, కొత్తదాంట్లో "ఆ ఖర్చు కూడా అప్పు తెచ్చే పెట్టాడేమో" అని ఉంది.

ఇది ఆమె నిలకడలేనితనం కాదు. మనసు ఏ రంగులో ఉంటే ఆ రంగు జ్ఞాపకాలే సులువుగా పైకి వస్తాయని గోర్డన్ బోవర్ 1981 నాటికే వివరంగా రాశాడు. జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన ఏ జాబితా అయినా ఆ రోజు మూడ్‌నే చూపిస్తుంది. పైగా రెండువైపుల మధ్య ఊగుతున్నవాళ్ళ చేత లాభనష్టాలు సమానంగా రాయించడం వల్ల నిర్ణయం దగ్గర పడకపోగా మార్పు మీద పట్టుదల తగ్గే అవకాశం ఉందని విలియం మిల్లర్, గ్యారీ రోజ్ 2015లో పరిశోధనల్ని సమీక్షించి చెప్పారు. ఆమె విషయంలో అది కళ్ళకు కట్టినట్టే కనిపించింది. జాబితా రాసిన ప్రతిసారీ తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని అక్కడితో ఆపేశాం.

రెండోది జంటగా కూర్చున్న సెషన్. ఆమె కోరారు, అతను ఒప్పుకున్నాడు, భయం లేదని తేలింది కాబట్టి నాకూ అభ్యంతరం లేదు. అతను వచ్చాడు. మర్యాదస్తుడు. తప్పు ఒప్పుకున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆమె చేయి పట్టుకుని "బాబు మీద ఒట్టు, ఇక జన్మలో నీకు చెప్పకుండా అప్పు చేయను" అన్నాడు. ఆమె ముఖంలో బిగువు సడలడం నాకు కనిపించింది. అతని భుజాలు కూడా దిగాయి. తర్వాత రెండు వారాలు ఇల్లు ఎంతో బాగుందని చెప్పారు. మూడో వారం కట్టాల్సిన వాయిదా తప్పిందని ఒక మెసేజ్ ఆమె ఫోన్‌కి వచ్చింది. ఆ లోన్ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. అతను ఆ ఒట్టు పెట్టేటప్పటికే అది ఉంది.

ఆ సెషన్‌లో అసలేం జరిగిందో ఆలోచిస్తే, మాట ఇచ్చిన క్షణంలోనే ఇద్దరికీ కావాల్సింది దొరికేసింది. అతనికి తప్పు చేశానన్న బాధ నుంచి, ఆమెకు ఆందోళన నుంచి విడుదల దొరికింది. అంటే ఆ మాట చేయాల్సిన పని పలికినప్పుడే అయిపోయింది, నిలబెట్టుకోవడం అదనం. అతను అబద్ధమాడాలనే ఒట్టు పెట్టాడని నేను అనుకోను. ఆ నిమిషంలో మనస్ఫూర్తిగానే అని ఉంటాడు. కానీ ఎంత పెద్ద మాట ఇస్తే అంత పెద్ద ఉపశమనం, కాబట్టి ప్రతిసారీ మాట ఇంకొంచెం పెద్దదవుతుంది, కొలవడానికి ఇంకొంచెం వీల్లేనిదవుతుంది. "జన్మలో" అన్నదాన్ని ఏ తారీకున సరిచూస్తాం?

ఆమె ఇన్నేళ్ళు ఎందుకు ఆశ వదులుకోలేదన్నది కూడా ఇక్కడే కొంత అర్థమైంది. అతను అన్ని మాటలూ తప్పి ఉంటే ఆమె ఎప్పుడో నమ్మడం మానేసేవారు. అప్పుడప్పుడు నిలబెట్టుకుంటాడు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఫలితం కోసం చేసే ప్రయత్నం అంత త్వరగా ఆగదని ఫెర్స్టర్, స్కిన్నర్ 1957లో జంతువుల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా రాశారు. కాపురాన్ని ప్రయోగశాలతో పోల్చి ఊరుకోవడం నాకు నచ్చదు గానీ, "నేనింత తెలివితక్కువదాన్నా" అని తనను తాను తిట్టుకుంటున్న మనిషికి ఈ ఒక్క విషయం చెప్పడం వల్ల ఆ తిట్టుకోవడం తగ్గింది. ఆ మేరకు ఉపయోగం.

మూడోది అక్క సలహా మీద ఆమె చేసిన హెచ్చరిక. "ఇంకొక్కసారి దాచావని తెలిస్తే బాబుని తీసుకుని వెళ్ళిపోతాను" అని చెప్పేశారు. నెల తిరక్కుండా తెలిసింది. ఆమె వెళ్ళలేదు. బాబుకి పరీక్షలు, ఎక్కడికి వెళ్ళాలో అనుకోలేదు, చేతిలో డబ్బు లేదు. తర్వాతి సెషన్‌లో చాలాసేపు మౌనంగా ఉండి "ఇప్పుడు నేనూ మాట తప్పినట్టే కదా మేడమ్" అన్నారు. ఏర్పాట్లేవీ లేకుండా, ఎదుటివాళ్ళని మార్చడానికి మాత్రమే చేసే హెచ్చరికలు చాలాసార్లు ఇలాగే ముగుస్తాయి. భర్తకి ఏమాత్రం తేడా రాలేదు, ఈమెకు మాత్రం తన మాట మీద తనకున్న నమ్మకం కాస్త పోయింది.

డైరీ

జ్ఞాపకం మీద ఆధారపడితే లాభం లేదని జాబితా చూపించింది. కాబట్టి జరిగింది జరిగిన రోజే రాసి పెట్టడం, రాసినదాన్ని వెంటనే చదవకపోవడం అనే పద్ధతికి వెళ్ళాం. గడువు ఎనిమిది వారాలు. గడువు ఎందుకంటే, లేకపోతే ఇది కూడా "చూద్దాం" అనే వాయిదాగా మారిపోతుంది. ఆ ఎనిమిది వారాల్లో ఉండాలా వద్దా అన్న ప్రశ్న జోలికి పోవద్దని ఒప్పందం. ఆ మాటకే ఆమెకు సగం భారం దిగిందన్నారు.

రాయాల్సినవి రెండే. అతను ఏదైనా మాట ఇస్తే, అతని మాటల్లోనే, ఎప్పటికల్లా అన్నాడో దాంతో సహా రాయాలి. గడువు వచ్చాక అయిందా లేదా. కాకపోతే ఆ సంగతి ఎలా తెలిసింది, అతనే ముందు చెప్పాడా, అడిగితే చెప్పాడా, ఈమెకే తెలిసిందా. రెండోది, రోజూ పడుకునే ముందు ఆ రోజు గురించి ఒక వాక్యం. మంచి రోజు అనిపిస్తే పక్కన ఒక టిక్కు.

ఇందులో నాకు ఒక అనుమానం ఉండేది. మాటలు రాసిపెట్టడం కాస్తా కాపలా కాయడంగా మారితే ఆమె మనసు ఇంకా పాడవుతుంది, అతనికి తెలిస్తే గొడవ. అందుకని వెతకకూడదని నియమం పెట్టాను. అతని ఫోన్ తీయడం, జేబులు చూడటం, స్నేహితులకి ఫోన్ చేసి ఆరా తీయడం వద్దు. తనంతట తాను కంటపడినదే రాయాలి. ఇలా చేస్తే దొరకనివి కొన్ని ఉంటాయని తెలుసు. మనకి కావాల్సింది రుజువులు కావు, ఆమె బతుకుతున్న రోజులు ఎలా ఉన్నాయన్నది.

ఎనిమిది వారాలయ్యాక నోట్‌బుక్ తెచ్చారు. 56 రోజుల్లో 51 రోజులు రాశారు. ఇద్దరం కలిసి మొదటినుంచి చదివాం.

మొత్తం 23 మాటలు. వాటిలో 14 నిలబెట్టుకున్నాడు, 9 తప్పాడు. ఆ లెక్క చూసి ఆమె మొదట అతని పక్షానే మాట్లాడారు, "సగం కంటే ఎక్కువే కదా" అన్నారు. అప్పుడు వాటిని విడదీశాం. బాబుకి, ఇంటికి సంబంధించినవి 12. వాటిలో 11 చేశాడు. తప్పిన ఒక్కటి కూడా ఆఫీసు నుంచి ముందే ఫోన్ చేసి రాలేనని చెప్పాడు. డబ్బుకీ, ఎక్కడున్నాడన్నదానికీ సంబంధించినవి 11. వాటిలో 3 నిలబెట్టుకున్నాడు. తప్పిన 8లో 6 ఆమెకే తెలిశాయి, రెండు అడిగితే చెప్పాడు. తనంతట తాను ముందు చెప్పింది ఒక్కటీ లేదు.

ఇక్కడ చాలాసేపు ఆగాం. "ఆయన మాట మీద నిలబడే మనిషి కాదు" అని అక్క అంటుంది. డైరీ అలా చెప్పడం లేదు. తప్పితే వెంటనే కనిపించిపోయే మాటలు దాదాపు అన్నీ నిలబెట్టుకుంటున్నాడు. బడి గేటు దగ్గర బాబు ఎదురుచూస్తుంటే వెళ్ళకుండా ఉండడు. తప్పినా దాచగలిగే మాటల దగ్గరే తప్పుతున్నాడు. అంటే అసలు సమస్య మాట తప్పడం కంటే దాచడం. ఇది తెలిస్తే అడగాల్సింది మారుతుంది. ఇంకా గట్టిగా మాటివ్వమని అడగడం వల్ల ఉపయోగం లేదు, దాచలేని ఏర్పాటు కావాలి.

తర్వాత టిక్కులు. మంచి రోజులు 19. అందులో 12 ఏదో ఒక మాట తప్పిన సంగతి బయటపడిన తర్వాతి మూడు రోజుల్లో వచ్చినవి. తప్పు చేశానన్న బాధతో అతను దగ్గరయ్యే రోజులు. "అయితే ఆ పన్నెండూ నటనేనా?" అని అడిగారు. కాదన్నాను. పశ్చాత్తాపం కూడా నిజమైన భావమే, దాంతో వచ్చిన ఆప్యాయతా నిజమే. కానీ ఆ రోజులు రావడానికి ముందు ఏదో బయటపడాలి, అంతే. వాటిని తప్పిన మాటలకు ఎదురుగా బరువు వేస్తే ఒకే సంఘటనని రెండువైపులా లెక్కపెట్టినట్టు అవుతుంది.

"మిగతా ఏడు రోజులున్నాయి కదా" అన్నారు ఆమె, కాస్త పట్టుదలగానే. ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా చదివాం. అందులో ఒకటి ఇలా ఉంది: "సాయంత్రం బాబు సైకిల్ చైన్ ఊడితే ఇద్దరూ గుమ్మంలో కూర్చుని వేశారు. చేతుల నిండా గ్రీజు. వాడి ముక్కుకి పూశాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. స్టేట్‌మెంట్ ఇవాళ చూపిస్తానన్నాడు. అడగలేదు. ఎందుకులే, బాగుంది కదా అని."

ఆ చివరి మూడు చిన్న వాక్యాలు ఆమె రాసుకున్నారు గానీ, రాసినట్టు గుర్తులేదన్నారు. మిగతా ఆరు రోజుల్ని ఈ కోణంలో మళ్ళీ చూడమన్నాను. అడగాలనుకుని అడగకుండా ఊరుకున్న రోజుల పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టారు. ఏడింటిలో నాలుగు చుక్కలు పడ్డాయి.

ఎనిమిది వారాలు చిన్న కాలం, ఈ అంకెలు ఒక మనిషి కంటపడినవి మాత్రమే, వీటితో ఏదీ రుజువు కాదు. ఆ మాట ఆమెకూ చెప్పాను. కానీ ఒక ప్రశ్న మాత్రం స్పష్టంగా వచ్చి నిలబడింది. ఆ నాలుగు రోజులు బాగున్నందుకు మూల్యం ఆమె చెల్లిస్తున్నారు, నోరు మూసుకోవడం ద్వారా. అడిగితే ఆ రోజు ఏమయ్యేది?

పనిచేసింది

అదే చేసి చూద్దామనుకున్నాం. మంచిగా ఉన్న రోజునే, గొడవ ఏమీ లేనప్పుడు, బాబు పడుకున్నాక, ఒక్క ప్రశ్న అడగడం. "ఈ నెల ఎక్కడెక్కడ ఎంత కట్టాలి?" ఆరోపణ లేదు, పాత సంగతులు తీయడం లేదు, కొత్త మాట తీసుకోవడం అసలే లేదు. అతను ఏం చెప్పాడన్నదానికంటే, అడిగాక ఇద్దరి మధ్యా ఏం జరిగిందన్నది గమనించమన్నాను. గొడవ రోజున అడిగే ప్రశ్నకు కోపమే జవాబుగా వస్తే అది గొడవ వల్ల వచ్చిందో, ప్రశ్న వల్ల వచ్చిందో తెలియదు. అందుకే మంచి రోజు.

మొదటిసారి నవ్వి మాట మార్చాడు. రెండోసారి "హాయిగా ఉన్నాం కదా, ఇప్పుడే తీయాలా" అని విసుక్కుని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోసారి ఒక ఖాతా చూపించాడు, రెండోది చూపించలేదు. ఆ రెండు రోజుల ముభావం గురించి చెప్తూ ఆమె "ఇది రాకుండా ఉండాలనే కదా ఇన్నాళ్ళూ అడగనిది" అన్నారు. ఆ తర్వాత ఉండాలా వద్దా అని నన్ను అడగడం దాదాపు మానేశారు.

తర్వాత ఒక ఏర్పాటు అడిగారు, మాట కాదు. నెలకోసారి ఒక నిర్ణీత తేదీన ఇద్దరూ కూర్చుని అన్ని ఖాతాలు, అతని క్రెడిట్ రిపోర్టు చూడటం. బ్యాంకుల దగ్గర, లోన్ సంస్థల దగ్గర తీసుకున్నవి సాధారణంగా ఆ రిపోర్టులో కనిపిస్తాయి, కాబట్టి గుర్తులేదనడానికి వీలుండదు. తెలిసినవాళ్ళ దగ్గర చేబదులు తీసుకున్నవి మాత్రం అందులో ఉండవు. ఆ పరిమితి ఆమెకు ముందే చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. మొదటి నెల చూపించాడు.

ఇదే సమయంలో అతని సహకారం అవసరం లేని పనులు ఆమె మొదలుపెట్టారు. జీతం తన ఒక్కదాని ఖాతాలోకి మార్చుకోవడం, ఏ లోన్‌కీ హామీ సంతకం పెట్టకపోవడం, ఉన్న పత్రాల నకళ్ళు తీసి పెట్టుకోవడం, భర్త అప్పుల్లో తన బాధ్యత ఎంతవరకో ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం. చట్టం చోటును బట్టి మారుతుంది, అది కౌన్సెలర్ చెప్పే విషయం కాదు. కాపురం నిలిచినా, నిలవకపోయినా ఈ పనులు వృథా పోవు. ఏ నిర్ణయమూ తీసుకోకముందే చేయగల పనులు ఉన్నాయని తెలియడం వల్ల ఆమెకు నిద్ర కాస్త కుదుటపడింది.

రెండో నెల తేదీ దాటిపోతే ఏం చేయాలన్నది ముందే రాసుకున్నారు. "తేదీ దాటి వారంలోగా చూపించకపోతే, నేనూ బాబూ ఒక నెల అక్క దగ్గర ఉంటాం." ఇలా ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని నిర్దిష్టంగా అనుకున్నవి, ఉత్త సంకల్పాల కంటే ఎక్కువగా ఆచరణలోకి వస్తాయని పీటర్ గోల్విట్జర్ 1999లో రాశాడు. పాత హెచ్చరికకీ దీనికీ తేడా ఉంది. అక్కతో ముందే మాట్లాడారు, అక్కడినుంచి బడికి ఎలా పంపాలో చూసుకున్నారు, నెల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టారు. అతనికి కూడా మామూలు గొంతుతోనే చెప్పారు. అతను మారకపోయినా ఆమె చేయగలిగిన పని ఇది.

రెండో నెల తేదీ వచ్చింది. ఆఫీసులో పని అన్నాడు, వచ్చే వారం అన్నాడు. వచ్చే వారమూ అయిపోయింది. ఆమె వెళ్ళారు. ఆ రాత్రి ఫోన్ చేసి మళ్ళీ ఒట్లు పెట్టాడు. ఆమె అన్నది నాకు తర్వాత చెప్పారు: "మాట వద్దండీ. కాగితాలు తెచ్చి చూపించండి. ఎంత ఉన్నా ఫరవాలేదు, చూపించండి."

మూడో వారంలో తెచ్చాడు. ఆమెకు తెలిసిన అప్పుకి దాదాపు రెట్టింపు ఉంది. అందులో కొంత స్నేహితుల దగ్గరిది, ఏ రిపోర్టులోనూ లేనిది, తనే రాసి తెచ్చాడు. జూదం లేదు. సిగ్గు, ఒకదాని మీద ఒకటి పేరుకున్న వడ్డీ, చెప్తే ఆమె వెళ్ళిపోతుందన్న భయం. చెప్పకపోవడం వల్లే ఆమె వెళ్ళిపోవాల్సి వచ్చిందని అతనికి కొంత ఆలస్యంగా అర్థమైంది. అతన్ని అప్పుల సలహాదారు దగ్గరికి, విడిగా వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపాను. ఇద్దరికీ నేనే విడివిడిగా కౌన్సెలింగ్ చేస్తే, ఒకరి రహస్యం నా దగ్గర ఉంచుకుని ఇంకొకరితో మాట్లాడాల్సి వస్తుంది.

నెల పూర్తయ్యాక ఆమె ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ఆరు నెలల తర్వాత ఫాలో-అప్‌కి వచ్చినప్పుడు దగ్గర్లోనే విడిగా ఇల్లు తీసుకుని ఉంటున్నారు. అతను వారానికి మూడుసార్లు బాబు కోసం వస్తాడు, టైముకే వస్తాడు. అప్పు వాయిదాలు నడుస్తున్నాయి, ప్రతి నెలా తనే లెక్క పంపుతున్నాడు. ఒక నెల మాత్రం అడిగితే పంపాడు. విడాకులా, మళ్ళీ కలవడమా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. తొందరలేదన్నారు. ఒక ఆదివారం ముగ్గురూ బయటికి వెళ్ళిన సంగతి చెప్తూ, "వెళ్ళేముందే అడగాల్సింది అడిగేశాను, చెప్పాల్సింది చెప్పాడు. కడుపులో ఆ గుబులు లేకుండా చాలా రోజులకి తిరిగొచ్చాను" అన్నారు.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ఎన్ని మాటలు తప్పాడన్న లెక్క కంటే, తప్పిన సంగతి ఎవరు ముందు చెప్పారన్నది ఇప్పుడు ముందుగా అడుగుతున్నాను. చేయలేకపోతున్నానని గడువుకు ముందే వచ్చి చెప్పే మనిషితో పని చేయడం వేరు. ఆ జంటకి కావాల్సింది తమ శక్తికి తగిన మాటలు ఇచ్చుకోవడం నేర్చుకోవడమే, చాలాసార్లు. దాచే మనిషి విషయంలో, చూడగలిగే ఏర్పాటు లేకుండా మాటల మీద పని చేస్తే ఆ జంట సెషన్‌లో జరిగిందే మళ్ళీ జరుగుతుంది.

మంచి రోజుల గురించి చెప్పేవాళ్ళని ఆ రోజులు నిజమా, భ్రమా అని తేల్చుకోమని ఒత్తిడి పెట్టను. వెళ్ళిపోవాలంటే ముందు మంచినంతా అబద్ధమని ఒప్పుకోవాలి అనుకునేవాళ్ళు ఎటూ కదల్లేరు, ఎందుకంటే వాళ్ళకి తెలుసు అది అబద్ధం కాదని. దానికి బదులు, ఆ రోజు బాగుండటానికి మీరు ఏం అడగకుండా ఊరుకున్నారు అని అడుగుతాను. ఏమీ లేదనే జవాబు కూడా వస్తుంది, అదీ విలువైన జవాబే. అలాంటి జంటలు కొన్ని ఉన్నాయి; వాళ్ళ మంచి రోజుల్ని నిజంగానే మంచి వైపు లెక్కపెట్టుకోవచ్చు.

ఈ పద్ధతి అందరికీ పనికిరాదు. భయం ఉన్న ఇంట్లో డైరీ వద్దు, దొరికితే ప్రమాదం. మంచి రోజున ప్రశ్న అడిగి చూడటం అక్కడ అసలే చేయకూడదు, ఆ జవాబు దెబ్బగా రావచ్చు. ఇల్లు వదిలి వెళ్ళే సమయం అలాంటి సంబంధాల్లో మరింత ప్రమాదకరం కాబట్టి, ముందే చెప్పి వెళ్ళడం కూడా ఈమెకు సరిపోయినట్టు వాళ్ళకి సరిపోదు. అక్కడ ముందు భద్రత ఏర్పాట్లు, వాటిలో అనుభవం ఉన్నవాళ్ళ సాయం. ప్రతి వాక్యాన్నీ పదేపదే చదువుకుని నలిగిపోయే స్వభావం ఉన్నవాళ్ళకి కూడా ఎనిమిది వారాల రాత ఎక్కువే. వాళ్ళ చేత రెండు వారాలు మాత్రమే రాయించి, నోట్‌బుక్ నా దగ్గరే ఉంచి, సెషన్‌లో కలిసి చదువుతున్నాను.